మూడో అధ్యాయానికి ఐదు రోజుల గడువు: గైడుకి మెయిల్ ఎలా రాయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో తెలుగు శాఖలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నాలుగో ఏడాది. నా అంశం ఒగ్గు కథ. మూడో అధ్యాయం డ్రాఫ్టు ఈ నెల 20 కల్లా మా మేడమ్‌కి ఇవ్వాలి. 9న జ్వరం మొదలైంది, డెంగీ అని తేలింది. 12 నుంచి 16 దాకా ఆసుపత్రిలో ఉన్నాను. నిన్ననే ఉప్పల్‌లో ఇంటికొచ్చాను. బయట తిరగొద్దు, ఇంట్లో కొద్దికొద్దిగా పని చేసుకోవచ్చు అన్నారు డాక్టరు. గంట కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయి. 26 పేజీలు అయ్యాయి. విశ్లేషణ ఇంకో ఎనిమిది పేజీలు రాయాలి, 45 నిమిషాల రికార్డింగు విని రాసుకోవాలి, ఫుట్‌నోట్లు మిగిలాయి. బాగున్నప్పుడు రోజుకి నాలుగైదు గంటలు కూర్చుంటే రెండు పేజీలయ్యేవి. వచ్చే నెల 6న రీసెర్చ్ కమిటీ. మేడమ్ 29 నుంచి వారం రోజులు ఊళ్లో ఉండరు. రెండో అధ్యాయానికి కూడా అక్క పెళ్లని గడువు అడిగి, చెప్పిన తేదీకి మళ్లీ నాలుగు రోజులు లేటు చేశాను. ఇప్పుడు అడిగితే సాకు అనుకుంటారేమో. రిపోర్టులు పెట్టి రెండు వారాలు అడగమంటోంది ఫ్రెండు. ఏమీ అడక్కుండా ఉన్నది పంపేయమంటున్నాడు సీనియర్. ఇవాళ 17. మెయిల్ ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉన్న మనిషిని ఏ గైడూ అబద్ధం చెబుతున్నావు అనరు. మీ మేడమ్‌కి రాగల అనుమానం జ్వరం మీద కాదు, మీరిచ్చే కొత్త తేదీ మీద. పోయినసారి ఆ తేదీయే తప్పింది కదా. అందుకని మెయిల్లో జబ్బు గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది. తేదీ గురించి మాత్రం లెక్క కట్టి రాయండి. మాటలు వెతుక్కునే ముందు ఆ లెక్క చూద్దాం.

ఎనిమిది పేజీల విశ్లేషణకి మీ వేగం ప్రకారం 16 నుంచి 20 గంటలు పడుతుంది, 18 అనుకోండి. రికార్డింగు విని రాయడానికి మామూలు మాటలకైతే నిమిషానికి ఆరేడు నిమిషాలు చాలు. ఒగ్గు కథలో డోలు, తాళాలు కథకుడి గొంతు మీద పడతాయి, వంతలు మధ్యలో అందుకుంటారు, ఒక్కో చరణం మూడు నాలుగుసార్లు వినాల్సొస్తుంది. 45 నిమిషాలకి ఆరు గంటలు పెట్టుకోండి. ఫుట్‌నోట్లకి నాలుగు. మొత్తం 28 గంటల పని.

ఇప్పుడు మీ ఒంట్లో ఎన్ని గంటలున్నాయో చూడాలి. డెంగీలో జ్వరం తగ్గినా నీరసం వెంటనే పోదు, కొందరికి వారాల తరబడి ఉంటుంది. కాబట్టి 18, 19, 20 తేదీల్లో రోజుకి రెండు గంటలు, అదీ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. 21 నుంచి 23 దాకా మూడేసి గంటలు, ఆ తర్వాత నాలుగేసి. ఇలా కూడితే 20 రాత్రికి ఆరు గంటలు, 23కి పదిహేను, 24కి పందొమ్మిది. 28 గంటలు నిండేది 27న.

27 అని అడిగితే మీ వైపు నుంచి న్యాయంగానే ఉంటుంది. అయితే మేడమ్ 29న వెళ్తారు. ముప్పై నాలుగు పేజీల అధ్యాయం చదవడానికి ఆవిడకి మిగిలేది 28 ఒక్కరోజు, అదీ ప్రయాణం ముందు రోజు. గడువు పొడిగించమనడమంటే గైడు చదివే రోజుల్లోంచి కొన్ని మనం తీసుకోవడమే. రీసెర్చ్ స్కాలర్లు రాసే ఇలాంటి మెయిళ్లలో ఎక్కువగా దొర్లే లోపం ఇదే. ‘నాకు ఇన్ని రోజులు కావాలి’ అని ఉంటుంది, ‘మీకు చదవడానికి ఇన్ని రోజులుంటాయి’ అనే మాట ఉండదు.

మీ ఫ్రెండు చెప్పిన రెండు వారాలు తీసుకుంటే 4వ తేదీ అవుతుంది. అప్పటికి మేడమ్ ఊళ్లో ఉండరు, 6న కమిటీ. ఆవిడ చదవని అధ్యాయంతో కమిటీ ముందు కూర్చోవాలి. సభ్యులెవరైనా ఏదైనా అడిగితే మీ తరఫున మాట్లాడటానికి ఆవిడ దగ్గర ఏమీ ఉండదు. కమిటీ లేకపోతే రెండు వారాలు పెద్ద కోరికేం కాదు, నేనూ అదే అడగమనేదాన్ని.

సీనియర్ మాటలో సగం మంచి ఉంది. 20న ఏదో ఒకటి ఆవిడ చేతికి అందాలి. కానీ ఏమీ చెప్పకుండా 26 పేజీలు పంపితే ఆవిడ దాన్ని పూర్తి అధ్యాయం అనుకుని చదువుతారు. విశ్లేషణ లేదేమిటి, రికార్డింగు పాఠం ఏది, ముగింపు ఎక్కడ అని మార్జిన్ల నిండా రాస్తారు. అవన్నీ మీకు ముందే తెలిసినవి. గైడు ఒక అధ్యాయాన్ని శ్రద్ధగా చదివేది మొదటిసారే, రెండోసారి చూసేది మార్పులే. ఆ మొదటి చదువు లేని పేజీల మీద ఖర్చైపోతే నష్టం మీకే.

మూడో దారి పనిని ముక్కలు చేసుకోవడం. 28 గంటల్లో మేడమ్ ముందుగా చదవాల్సినవి విశ్లేషణకి పట్టే 18 గంటలే. రికార్డింగు పాఠం అనుబంధంలోకి వెళ్లేది, ఫుట్‌నోట్లు చివర్లో సరిచూసేవి. అవి రెండూ ఆవిడ ఊళ్లో లేనప్పుడు చేసుకున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. కాబట్టి ఉన్న 26 పేజీలు 20నే పంపండి, విశ్లేషణ 25న, పాఠం, ఫుట్‌నోట్లు వచ్చే నెల 3న. విశ్లేషణ మీ లెక్కలో 24 రాత్రికే అయిపోతుంది, 25 పగలు చేతిలో ఉంటుంది. కళ్లు తిరిగి ఒక పూట పోయినా తేదీ తప్పదు. మేడమ్ 25లోపు మొదటి భాగం చదువుకోవచ్చు, 26 నుంచి 28 దాకా మూడు రోజులు ఎనిమిది పేజీలకి సరిపోతాయి. ఒకటి చూసుకోండి: మీ విశ్లేషణ ఇంకా వినని ఆ 45 నిమిషాల మీదే నడిచేదైతే ఈ విభజన కుదరదు. అప్పుడు విశ్లేషణకి కావాల్సిన పది పదిహేను నిమిషాల ఘట్టం మాత్రం ముందు రాసుకోండి. 25వ తేదీ పగలు దానికే పోతుంది, ఇక వెసులుబాటు ఉండదు.

నాలుగో దారి కూడా ఉంది, నీరసం మీరనుకున్నదానికంటే ఎక్కువగా ఉంటే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం స్కాలరు ప్రతి సెమిస్టర్లో ఒకసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి, క్లుప్తంగా నివేదిక ఇవ్వాలి. అధ్యాయం పూర్తయి ఉండాలని అందులో లేదు. 26 పేజీలు, మిగిలినదానికి ఒక పేజీ ప్రణాళిక పట్టుకుని 6న కూర్చోవచ్చు. పని తృప్తికరంగా లేదనుకుంటే కమిటీ కారణాలు రాసి, ఏం సరిదిద్దుకోవాలో సూచిస్తుంది. అలాంటి మాట ఫైల్లో ఎక్కడం మంచిది కాదు. కానీ ఆసుపత్రి తేదీలు మేడమ్‌కి ముందే తెలిసి ఉంటే అంతవరకు రాకుండా ఆవిడే సర్దిచెప్పగలరు. ఈ దారిలో వెళ్లాలా వద్దా అన్నది మాత్రం మీ అంతట మీరు తేల్చుకోకండి, ఆవిడనే అడగండి. మీ శాఖలో సభ్యులకి కాగితాలు ఎన్ని రోజుల ముందు అందాలో ఆఫీసుకి ఫోన్ చేసి ఇవాళే కనుక్కోండి. ఆ తేదీ 29కి ముందుంటే పై లెక్కంతా మళ్లీ వేసుకోవాలి.

మీ పరిస్థితికి నాకు మూడో దారే నచ్చింది. దానికి మెయిల్ ఇలా ఉండొచ్చు.

విషయం: మూడో అధ్యాయం – 20న మొదటి భాగం, 25న విశ్లేషణ పంపడానికి అనుమతి కోసం

మేడమ్, నమస్కారం.

మూడో అధ్యాయం విశ్లేషణ భాగం ఇవ్వడానికి 20 నుంచి 25 దాకా గడువు కావాలని అడగడానికి రాస్తున్నాను. డెంగీతో 12 నుంచి 16 వరకు ఆసుపత్రిలో ఉన్నాను. నిన్న ఇంటికి వచ్చాను. రోజుకి రెండు మూడు గంటలు పని చేయగలుగుతాను.

పూర్తయిన 26 పేజీలు అనుకున్నట్టే 20న పంపుతాను. విశ్లేషణ (సుమారు 8 పేజీలు) 25 సాయంత్రం లోపు పంపుతాను. మీరు 29న వెళ్లేలోపు చూడటానికి మూడు రోజులు ఉంటాయని ఈ తేదీ అనుకున్నాను. రికార్డింగు పాఠం, ఫుట్‌నోట్లు వచ్చే నెల 3కి ఇస్తాను.

6న కమిటీకి ఇది సరిపోదని మీకు అనిపిస్తే, ముందుగా ఏ భాగం కావాలో చెప్పండి, అదే మొదలుపెడతాను. డిశ్చార్జి కాగితాలు ఉన్నాయి, శాఖకి అవసరమైతే ఇస్తాను.

నమస్కారాలతో,
(పేరు, రిజిస్ట్రేషన్ నంబరు)

అడిగేది మొదటి వాక్యంలోనే ఉంది చూడండి. మామూలుగా ఇలాంటి మెయిళ్లు జ్వరంతో మొదలవుతాయి. ఏ రోజు ఎంత టెంపరేచరు, ప్లేట్‌లెట్లు ఎంతకి పడిపోయాయి, ఎవరు దగ్గరుండి చూసుకున్నారు, ఇవన్నీ అయ్యాక నాలుగో పేరాలో ‘కావున కొంత గడువు ఇవ్వగలరు’ అని వస్తుంది. ఫోన్లో చదివే మనిషి అక్కడిదాకా రాకముందే ‘త్వరగా కోలుకో’ అని జవాబు కొట్టేస్తారు. ఆ జవాబులో గడువు ఇచ్చినట్టా ఇవ్వనట్టా తేలదు. (బళ్లో నేర్పిన ‘తీవ్రమైన జ్వరముతో బాధపడుచున్నందున’ సెలవు చీటీ పీహెచ్‌డీ దాకా మన వెంట వస్తుంది. దాన్ని ఇక్కడ వదిలేయండి.) ఆసుపత్రి తేదీలు రెండు చాలు, వాటికి మించిన రుజువు గైడుకి అక్కర్లేదు.

‘కొంత గడువు’, ‘వీలైనంత త్వరగా’ అనే మాటలు కూడా వద్దు. రాసేవాళ్లకి వినయంగానే ఉంటుంది, చదివేవాళ్లకి మాత్రం క్యాలెండర్లో ఏం రాసుకోవాలో తెలియదు. తేదీ ఉంటే ఆవిడ ‘సరే’ అని ఒక్క మాటతో తేల్చేయగలరు.

రిపోర్టులు అడగకుండా జత చేయకండి. చేస్తే తప్పేం కాదు, కానీ ‘నన్ను నమ్మరని నాకు తెలుసు’ అన్నట్టు ఉంటుంది. పైగా ఆ కాగితాల్లో మీ సొంత వివరాలు చాలా ఉంటాయి, మెయిల్లో పెట్టాక అవి ఎవరెవరికి ఫార్వర్డ్ అవుతాయో మీ చేతిలో ఉండదు. డిశ్చార్జి సమ్మరీ అసలు పని ఆఫీసులో. ఫెలోషిప్ ఉంటే ఆసుపత్రి రోజులకి సెలవు పెట్టుకోవాలి, దానికి అది జత చేస్తారు. ఫోన్లో స్కాన్ చేసి దగ్గర పెట్టుకోండి.

రెండో అధ్యాయం లేటు గురించి మెయిల్లో ఎత్తాలా? నేనైతే వద్దంటాను. ఎత్తితే ఆవిడ జవాబు దాని గురించే వస్తుంది, ఇప్పటి తేదీ వెనక్కి పోతుంది. 20న మాట ప్రకారం ఒక భాగం ఆవిడకి చేరితే ఆ పాత సంగతికి అదే జవాబు. అయితే మీ మేడమ్ ఏదీ మరిచిపోని మనిషైతే, పోయినసారి ఆవిడ కటువుగా ఏమైనా అని ఉంటే, ‘పోయినసారిలా కాకుండా ఒక రోజు వెసులుబాటు పెట్టుకునే ఈ తేదీ చెబుతున్నాను’ అని ఒక్క వాక్యం చేర్చవచ్చు. ఆవిడ స్వభావం మీకే తెలుసు.

మెయిల్ ఇవాళ సాయంత్రమో రేపు పొద్దున్నో వెళ్లాలి. 20 రాత్రి పదకొండింటికి వెళ్తే ఇవే మాటలు వేరేగా చదవబడతాయి: ముందే తెలిసినా చివరిదాకా చెప్పలేదని. పంపిన గంట తర్వాత వాట్సాప్‌లో ‘మేడమ్, మూడో అధ్యాయం తేదీ గురించి మెయిల్ పెట్టాను, వీలైనప్పుడు చూడండి’ అని ఒక్క మెసేజ్ చాలు. అసలు విషయమంతా వాట్సాప్‌లోనే పెడితే పది గ్రూపుల కిందకి జారిపోతుంది, రేపు కమిటీలో తేదీ మాట వస్తే చూపించడానికి ఏమీ ఉండదు. మనిషిగా వెళ్లి చెప్పడమే మర్యాద అనిపించవచ్చు. కానీ ఈ ఒంటితో ఉప్పల్ నుంచి బస్సులు మారి క్యాంపస్‌కి వెళ్లొస్తే ఆ రోజు రెండు గంటలూ పోతాయి, బహుశా మర్నాటివి కూడా. డాక్టరు వద్దన్నది కూడా అదే.

19 సాయంత్రానికి జవాబు రాకపోతే గాభరా పడకండి. మౌనాన్ని ఒప్పుకోలుగా కూడా లెక్కేయకండి. 20న అదే మెయిల్‌కి రిప్లైగా 26 పేజీలు పంపండి. కొత్త మెయిల్ పెడితే ఒకే సంగతి రెండు చోట్ల నడుస్తుంది. ఫైలు పేరులో మీ పేరు, అధ్యాయం, తేదీ ఉండాలి. మీరు అను ఫాంట్లలో టైప్ చేస్తుంటే వర్డ్ ఫైలు ఒక్కటే పంపొద్దు. ఆ ఫాంటు లేని ఫోన్లో అది అర్థం కాని గుర్తుల్లా కనిపిస్తుంది, ఆవిడ తెరిచి మూసేస్తారు. పీడీఎఫ్ కూడా జత చేసి, మీ ఫోన్లో ఒకసారి తెరిచి చూసుకోండి. 26వ పేజీ తర్వాత ఖాళీగా వదలకుండా ఒక పేజీలో రాయాల్సిన విశ్లేషణ ఏ వరసలో వస్తుందో ఐదారు వాక్యాలు రాయండి: ఉదాహరణకి మల్లన్న–మేడలమ్మ పెళ్లి ఘట్టంలో వచనం ఎక్కడ పాటగా మారుతుంది, వంతల పాత్ర ఏమిటి, దాని నుంచి మీరు తేల్చేది ఏమిటి అన్నట్టు. మెయిల్లో ఆవిడ ప్రత్యేకంగా చూడాల్సిన రెండు చోట్లు పేజీ నంబర్లతో చెప్పండి. అది లేకపోతే 26 పేజీల అక్షరదోషాల దగ్గరే ఆగిపోవచ్చు.

తర్వాత 22 రాత్రి ఆగి చూసుకోండి. లెక్క ప్రకారం అప్పటికి 12 గంటల పని జరిగి, ఐదు పేజీలు దాటి ఉండాలి. నాలుగు కూడా కాలేదంటే 25కి ఎనిమిది అవ్వవు. ఆ సంగతి 23 పొద్దున్నే రాయండి, 25 రాత్రి కాదు. అప్పుడు కూడా తేదీని జరపమని అడగకండి, రెండోసారి జరిగితే ఆవిడ మీ తేదీలు చూడటం మానేస్తారు. తేదీ అలాగే ఉంచి పని తగ్గించండి: ‘25న ఐదు పేజీలు, మిగిలిన మూడింటికి పాయింట్ల వారీగా రూపురేఖలు పంపుతాను’ అని. జ్వరం తిరగబెట్టినా, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపించినా అధ్యాయం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. మేడమ్‌కి రెండు వాక్యాలు తోటి స్కాలరుతో చెప్పించండి.

ఇక ఆవిడ ఏమనవచ్చో కూడా అనుకుని ఉంచుకోండి. ‘25 కుదరదు, 22కి కావాలి’ అంటే సరేనని తలూపకండి, చేయలేనని కూడా అనకండి. ‘22కి విశ్లేషణలో మొదటి ఐదు పేజీలు ఇవ్వగలను, మిగిలిన మూడు 25న’ అని వెంటనే రాయండి. ఆ లెక్క మీ దగ్గర ఉంది కాబట్టి ఆలోచించుకోవాల్సిన పనిలేదు. ‘ఆరోగ్యం చూసుకో అమ్మా, నెమ్మదిగా ఇవ్వు’ అంటే ఎక్కువమంది ఊపిరి పీల్చుకుని తేదీ మర్చిపోతారు. ఆవిడ మనసు మంచిదే, కానీ 29 ప్రయాణం, 6న కమిటీ ఎక్కడికీ పోవు. ‘ధన్యవాదాలు మేడమ్. 20న మొదటి భాగం, 25న విశ్లేషణ పంపుతాను’ అని రిప్లై ఇచ్చి, ఆ రెండు తేదీలూ ఫోన్లో అలారంగా పెట్టుకోండి.